కాలిస్ అంటే గిన్నే కదా!

తెల్లవారి ఆరింటికి ఫోను మోగితే ఎవరికైనా గుండె గుబేలుమంటుంది. ఎత్తితే మా అన్నయ్య కూతురు. ఎలా ఉన్నావనీ అడగలేదు, ఏం చేస్తున్నావనీ అడగలేదు. "అత్తా, కాలిస్ అంటే గిన్నే కదా?" అంది.

నేను హైదరాబాద్‌లో ఇంటి దగ్గరే ఫ్రెంచి పాఠాలు చెప్పుకుంటాను. గిన్నె అంటే గిన్నే, కాకపోతే వంటింటి గిన్నె కాదు, చర్చిలో పూజవేళ ఫాదర్ ద్రాక్షరసం పోసుకునే పాత్ర అన్నాను. "మరి గిన్నె అన్నందుకు వాళ్లమ్మ తినడం ఎందుకు మానేసింది?" అంది. అప్పుడు గాని నాకు వెలగలేదు, పిల్ల ఉన్నది క్వెబెక్‌లో అని.

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రం క్వెబెక్. మాంట్రియల్‌కీ క్వెబెక్ నగరానికీ నడుమ, సెయింట్ లారెన్స్ నది ఒడ్డున త్రువా రివియేర్ అనే ఊరుంది. విద్యార్థుల మార్పిడి కింద నాలుగు నెలల చదువుకు జనవరిలో వెళ్లింది మా పిల్ల. హాస్టల్లో కాకుండా ఒక కుటుంబంతో ఉంటోంది. ఇంటాయన, ఇంటావిడ, పదహారేళ్ల కొడుకు. గురువారం రాత్రి భోజనానికి ఇంటాయన తండ్రి కూడా వస్తాడు. అక్కడ అందరినీ పేరు పెట్టి పిలవాలి. తల్లి వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి దీనికి మూడు వారాలు పట్టింది. 'మీరు' అని మాట్లాడబోతే ఆవిడే నవ్వి 'నువ్వు' అనిపించిందట.

ఆ గురువారం రాత్రి వంట పాతే షీన్వా. పేరుకి చైనావాళ్ల వంటకం, నిజానికి చైనాకీ దానికీ సంబంధం లేదు. అడుగున వేయించిన కీమా, మధ్యలో మొక్కజొన్న గింజలు, పైన మెదిపిన బంగాళాదుంప, మూడు పొరలుగా పేర్చి ఓవెన్లో పెడతారు. మా పిల్ల మాంసం తినదు కాబట్టి దానికో మూల కీమా లేకుండా వదిలారు. ఇంటాయన ఆ గాజుపళ్లెం బయటికి తీస్తుంటే చేతిలో గుడ్డ జారి బొటనవేలు చుర్రుమంది. "ఓస్తీ ద తబర్నాక్!" అని అరిచాడు. అందరూ పకపకా నవ్వారు. ఇంటావిడ చల్లనీళ్లు తిప్పింది.

రెండోది ముసలాయన నోటి నుంచి వచ్చింది. రెండు ముద్దలు తిని, కోడలి వంక చూసి, "సె బోన్ ఆన్ తబర్నాక్" అన్నాడు. కోడలు ముసిముసిగా నవ్వింది. ఇంకో గరిటె వడ్డించింది కూడా.

మూడోది కుర్రాడిది. రేపు లెక్కల పరీక్ష కదా, చదివావా అని తల్లి అడిగింది. పళ్లెంలోంచి తల ఎత్తకుండానే "జ మాన్ కాలిస్" అన్నాడు. ఆవిడ ఫోర్కు కింద పెట్టేసింది. ముసలాయన కిటికీలోంచి మంచు వంక చూశాడు. తర్వాత అరనిమిషం ఎవరూ మాట్లాడలేదట.

ఒకే బల్ల దగ్గర, ఒకే జాతి మాటలు మూడు. ఒకదానికి నవ్వు, ఒకదానికి వడ్డన, ఒకదానికి నిశ్శబ్దం. మా పిల్ల గదిలోకి వెళ్లి నిఘంటువు తీసింది. తబర్నాక్ దొరకలేదు గాని దాని పక్కింటి మాట తబెర్నాకల్ దొరికింది: చర్చిలో పీఠం మీద, సత్ప్రసాదాన్ని దాచే చిన్న పెట్టె. ఓస్తీ అంటే ఆ సత్ప్రసాదమే, పూజలో పంచే పలుచని అప్పం. కాలిస్ అంటే పాత్ర. అంటే ఇంటాయన వేలు కాలి "ప్రసాదపు మందసమా!" అన్నాడు, కుర్రాడు తల్లితో "నేను దాన్నుంచి పాత్రించుకుంటున్నాను" అన్నాడు. నిఘంటువు అబద్ధం చెప్పలేదు, కానీ అది చెప్పిన నిజం ఎందుకూ పనికిరాలేదు.

ఈ మాటల్ని అక్కడ సాక్ర్ అంటారు. పవిత్రం అనే మాటకు చుట్టమే అది. ఫిరంగిపురం చర్చిలో పెరిగిన నా స్నేహితురాలికి ఈ పట్టిక చదివి వినిపిస్తే చెవులు మూసుకుంది. మందసం, పాత్ర, అప్పం, అప్పాలు పెట్టే మూతపాత్ర సిబ్వార్, చివరికి క్రీస్తు పేరే క్రిస్ అయి తిట్టు. ఫ్రాన్సులో వీటిని ఇలా వాడరు. అక్కడి తిట్లు ఎక్కువగా దొడ్డి వైపూ పడకగది వైపూ పోతాయి. ప్యారిస్ నుంచి వచ్చిన వాడి ముందు తబర్నాక్ అంటే ఆ మనిషికి క్వెబెక్ గుర్తొస్తుంది గాని కోపం రాదు. మెక్సికో బీచుల్లో క్వెబెక్ యాత్రికులకు స్థానికులు పెట్టిన ముద్దుపేరు 'తబర్నాకోస్'. ఆ మాట ఎన్నిసార్లు చెవిన పడితే ఆ పేరు పెట్టి ఉంటారో ఊహించుకోండి.

ఇది చర్చి మీద కోపం నుంచి పుట్టిన భాష. క్వెబెక్‌లో కతోలిక చర్చి అంటే ఆదివారం పూజ ఒక్కటే కాదు. బడి దానిదే, ఆసుపత్రి దానిదే, పుట్టుక, పెళ్లి, చావు రాసుకునే పుస్తకమూ దానిదే. జనన మరణాల నమోదు పూర్తిగా ప్రభుత్వం చేతికి వచ్చింది 1994లో అంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం. ఇంకో బిడ్డ ఇంకా పుట్టలేదేమని ఇంటికొచ్చి అడిగే అధికారం ఫాదర్‌కి ఉండేది. అంత బరువు నెత్తిన మోసే మనిషికి కోపం వస్తే దేన్ని తిట్టాలి? ముట్టుకోకూడదని చిన్నప్పట్నుంచి చెప్పిన దాన్నే నోటితో ముట్టుకున్నాడు. 1960లో జాన్ లెసాజ్ ప్రభుత్వం వచ్చాక బడులూ ఆసుపత్రులూ ప్రభుత్వానివవుతూ వచ్చాయి. ఆ మార్పుని అక్కడ 'నిశ్శబ్ద విప్లవం' అంటారు. చర్చిలు ఖాళీ అయ్యాయి, తిట్లు మాత్రం మిగిలాయి. శాసనసభలో 1936 నుంచీ ఉంటూ వచ్చిన శిలువని 2019లో సభలోంచి తీసేశారు. తబర్నాక్‌ని తీసేవాళ్లు ఎవరూ లేరు.

పైగా అసలు అర్థం తెలిసినవాళ్లూ తగ్గిపోయారు. 2006లో మాంట్రియల్ చర్చివాళ్లు ఊళ్లో పెద్ద పెద్ద బోర్డులు పెట్టించారు. బోర్డు మీద ఒక్కటే మాట, తబెర్నాకల్ లాంటిది, దాని కింద నిఘంటువులోలా అసలు అర్థం. జనం తమ తిట్లని తామే చదివి నేర్చుకోవలసి వచ్చింది.

ఇది విన్నప్పుడు నాకు మనవాళ్లు గుర్తొచ్చారు. విధవ అనే దుఃఖపు మాట నుంచి వెధవ వచ్చింది. కాఫీ ఒలికినా వెధవ కాఫీయే, బస్సు తప్పినా వెధవ బస్సే. అన్నీ వదులుకున్న సన్యాసి మన నోట్లో పడి సన్నాసి అయ్యాడు. పితృకార్యం నుంచి 'నీ తద్దినం పెట్టా' వచ్చింది. ఇవి అనేటప్పుడు ఎవరికైనా దర్భలూ నువ్వులూ కళ్లముందు ఆడతాయా? ఆడవు. క్వెబెక్ కుర్రాడికీ పాత్ర కనబడదు.

అందుకే, మోటుమాట వినబడ్డప్పుడు 'దాని అర్థమేమిటి' అని అడిగితే సగమే తెలుస్తుంది. అది ఏ పని చేసింది అన్నది మిగతా సగం. ఆ రాత్రి బల్ల మీదికి తిరిగి వెళ్దాం.

ఇంటాయన అన్నది కేక. దానికి ఎదుటి మనిషి లేడు, వేడి పళ్లెమే ఉంది. ఈ కేకలో ఒక నిర్మాణం ఉంది. 'ద' అనే చిన్నమాటతో ఒకదానికొకటి కలుపుకుంటూ పోవచ్చు: ఓస్తీ ద తబర్నాక్, ఓస్తీ ద కాలిస్ ద తబర్నాక్. గొలుసు పొడుగయ్యే కొద్దీ నొప్పి పెద్దదని లెక్క. వేలు కాలితే రెండు లంకెలు చాలు. మంచులో కారు ఇరుక్కుంటే మూడు నాలుగు పడతాయి. మధ్యలో వస్తువు పేరు కూడా దూర్చవచ్చు. అక్కడ కారుని శార్ అంటారు. 'ఓస్తీ ద శార్' అంటే సరిగ్గా మన 'వెధవ కారు'. 2006లోనే వచ్చిన 'బోన్ కాప్, బాడ్ కాప్' అనే సినిమాలో క్వెబెక్ పోలీసు, టొరంటో నుంచి వచ్చిన ఇంగ్లిషు పోలీసుకి ఈ వ్యాకరణమంతా పాఠంలా చెబుతాడు, అదీ ఒక మనిషిని కారు డిక్కీలో కుక్కుతూ. నా విద్యార్థులకి ఆ ముక్క చూపించాలని ఎప్పట్నుంచో కోరిక, వాళ్ల తల్లిదండ్రులకి భయపడి ఆగాను.

ముసలాయన మాట వేరే పని చేసింది. 'బోన్' అంటే బాగుంది. 'ఆన్ తబర్నాక్' అన్నది దానికి తగిలించిన బరువు. 'చచ్చేంత బాగుంది' అంటాం చూడండి, అక్కడ ఎవరూ చావరు. కొంచెం మోటు, కానీ మెచ్చుకోలే. వంట చేసిన మనిషికి అది తెలుసు కాబట్టే ఇంకో గరిటె వడ్డించింది.

మూడోదానికి వస్తే, ఇక్కడ పాత్ర క్రియ అయింది. ప్యారిస్ ఫ్రెంచిలో నాకు లెక్కలేదు అనడానికి మెట్లున్నాయి. 'సా మెతెగాల్' అంటే నాకు ఏదైనా ఒకటే, ఎవరితోనైనా అనవచ్చు. 'జ మాన్ ఫిష్' అంటే నాకేం పట్టలేదు, స్నేహితుల మధ్య చెల్లుతుంది. 'జ మాన్ ఫు' ఇంకా మోటు. క్వెబెక్ వాళ్లు ఆ చివరి గడిలో తమ చర్చి సామాను పెట్టుకున్నారు: జ మాన్ కాలిస్, జ మాన్ క్రిస్. తెలుగులో చెప్పాలంటే 'నాకేం పట్టింది, తగలడనీ' అన్నదానికి ఇంకాస్త బురద పూసినట్టు. మొదటి రెండూ పళ్లెం మీదా రుచి మీదా పడ్డాయి. ఇది, పరీక్ష గురించి అడిగిన తల్లి మీద పడింది. తిట్టు ఆవిడని కాదు, కానీ ఆవిడ ప్రశ్నని గిరాటు కొట్టింది. మందసం కన్నా పాత్ర పెద్ద తిట్టు కావడం వల్ల ఫోర్కు కింద పెట్టలేదావిడ. నిజానికి ఈ వరసలో తబర్నాక్‌దే పెద్దపీట.

ఇదంతా ఫోనులో చెబితే మా పిల్ల నమ్మింది గాని తృప్తి పడలేదు. "నువ్వు ప్యారిస్ ఫ్రెంచి మనిషివి, ఆ ఇంట్లో దాని బరువెంతో నీకేం తెలుసు?" అంది. ఆ మాట నిజమే. ఒకే తిట్టు ఒక ఇంట్లో చెల్లుతుంది, పక్కింట్లో చెల్లదు. ఇంటివాళ్లనే అడగాలి. ఎలా అడగడం? బల్ల దగ్గర అడగాలంటే ఆ మాట మళ్లీ తన నోటితో అనాలి. కుర్రాడి ఎదురుగా అడిగితే చల్లారిన గొడవ మళ్లీ రాజుకుంటుంది. ఉత్తరం రాస్తానంది. చదివే మనిషి తీరుబడిగా చదువుకుంటుంది, మొహంలో మార్పు ఎవరికీ కనబడదు. మంచి ఆలోచనే. చిత్తుప్రతి నాకు వాట్సాప్‌లో పంపింది.

దాని మొదటి వాక్యం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "నిన్న రాత్రి భోజన సమయమున మీ కుమారుడు పలికిన అసభ్యకరమైన పదమునకు అర్థము తెలియజేయగలరని ప్రార్థన." తాసీల్దారుకి అర్జీలా ఉంది. అర్జీ అయినా ఫరవాలేదు గాని, అందులో మూడు తప్పులున్నాయి. అర్థం తెలియదంటూనే అసభ్యమని తీర్పు చెప్పేసింది. మీ కుమారుడు అనేసరికి ప్రశ్న కాస్తా ఫిర్యాదు అయింది. పైగా మూడు మాటలు వింటే ఒక్కదాని గురించే అడిగింది. ఆ ఒక్కటీ విడిగా చూపిస్తే కుర్రాడు బోనులో నిలబడతాడు. మూడూ కలిపి అడిగితే భాష గురించి అడిగినట్టుంటుంది, దానికి తెలుసుకోవలసిందీ అదే.

ఇంకో సంగతి చెప్పాను. విన్నది విన్నట్టు, నీకు వినబడిన అక్షరాలతోనే రాయి, నిఘంటువు చూసి దిద్దకు. కాలిస్‌ని నిఘంటువులో ఉన్నట్టు కాలీస్ అని రాస్తే ఆవిడ నిజంగా చర్చి పాత్ర గురించే అడుగుతున్నావనుకోవచ్చు. పక్కనే ఏం జరుగుతుండగా విన్నావో, ఎవరు నవ్వారో రాయి. అవి లేకపోతే ఆ మాటలకి జవాబు చెప్పడం ఆ ఊళ్లో పుట్టినవాళ్లకీ కష్టమే.

రెండోసారి రాసింది నేను పెద్దగా ముట్టుకోలేదు. అక్కడ నువ్వు అని రాసిన చోట నేను మీరు పెట్టాను, తెలుగులో ఆ వయసు మనిషికి నువ్వు అని రాయడం నా చేతకాలేదు.

"ప్రియమైన —,

ఇది ఫిర్యాదు కాదు, భాషాసందేహం. గురువారం భోజనాల దగ్గర నాకు మూడు మాటలు వినిపించాయి. నిఘంటువులో వెతికితే చర్చి సామాను తగిలింది, ఇంకా అయోమయమైంది.

పళ్లెం కాలినప్పుడు 'ఓస్తీ ద తబర్నాక్' అని వినబడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. తర్వాత తాతగారు తింటూ 'బోన్ ఆన్ తబర్నాక్' అన్నట్టుంది, మీరు సంతోషించారు. ఆ తర్వాత పరీక్ష మాట వచ్చినప్పుడు 'మాన్ కాలిస్' లాంటిది విన్నాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాలో ఊరుకోవాలో తెలియక నీళ్లు తాగాను.

నాకు తెలియాల్సింది మూడే. వీటిలో ఏదైనా నా గురించి అన్నదా? ఎవరి ముందు అసలు అనకూడదు? నా వేలు కాలితే నేనేం అనాలి?

చెప్పడం ఇబ్బందైతే వదిలేయండి, ఏమీ అనుకోను. కీమా లేని మూల చాలా బాగుంది. ఎంత బాగుందో చెప్పే మాట ఇంకా నేర్చుకోలేదు."

నీళ్లు తాగాను అన్న ముక్క నాకు నచ్చింది. కొట్టేయమంటుందేమో అని నన్ను అడిగింది, ఉంచమన్నాను.

శుక్రవారం సాయంత్రం ఉత్తరం కాఫీ మిషను పక్కన పెట్టింది. శనివారం పొద్దున దాని వెనకే జవాబు ఉంది. ఆవిడ రాసినదాని సారం ఇది. ఏదీ నీ గురించి కాదు. ఆ ఆలోచన రెండు రోజులు నీ మనసులో ఉందని తెలిసి బాధపడ్డాను. పళ్లెం మాట మా ఆయనకి వేలు కాలినా, ఓవెన్ చెడినా, హాకీలో మావాళ్లు ఓడినా ఒకటే. మామగారి మాట నాకు అందిన బహుమతి, నలభై ఏళ్ల కింద ఆయన పిల్లల ముందు అలా అనేవాడు కాదట. మూడోది మోటుమాట. దాన్ని మావాడు వాళ్ల స్నేహితుల మధ్య రోజుకి ఇరవైసార్లు అంటాడు, నాకు తెలుసు. నాతో అన్నాడు, అదీ నేను వాడి కోసం అడుగుతుంటే అన్నాడు. అందుకు ఫోర్కు కింద పెట్టాను. పాత్ర అన్నందుకు కాదు, నేను చర్చికి వెళ్లి ఎన్నేళ్లయిందో.

రెండో ప్రశ్నకి ఆవిడ ఒక గీత గీసి ఇచ్చింది. క్లాసులో, ఆఫీసులో, బస్సు డ్రైవరుతో, కొత్తవాళ్ల ముందు, వేటినీ అనకు. ముసలివాళ్లు నీ ముందు అన్నారని నువ్వు తిరిగి అనకు. మూడోదాన్ని ఎవరితోనూ అనకు, దాని బదులు 'సా మెతెగాల్' ఉంది.

మూడో ప్రశ్నకి జవాబు అన్నిటికన్నా పొడుగ్గా ఉంది. తిట్టబోయి సగంలో మలుపు తిప్పే మాటలు అక్కడ బోలెడున్నాయి. తబర్నాక్ అనబోయి నాలుక కరుచుకుని 'తబర్నూష్' అంటారు, లేదా 'తబర్వెట్'. కాలిస్ అనబోయి 'కాలీన్' అంటారు. చర్చి తలుపు దాకా వెళ్లి పక్క సందులోకి తిరిగినట్టు. బడిపిల్లలు అన్నా, అమ్మమ్మలు అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. మనం కూడా, తిట్టు మొదటి అక్షరం నోట్లోకి వచ్చాక పిల్లలు చూస్తున్నారని గమనించి వేరే మాటలోకి జారుకుంటాం కదా, ఆ జారుడికి వాళ్లు మాటలు స్థిరం చేసుకున్నారు. ఆవిడ కింద గీత పెట్టి రాసింది: "నీకు తబర్నూష్ చాలు. వేలు బాగా కాలితే రెండుసార్లు అను."

కుర్రాడికి ఈ ఉత్తరం సంగతి తల్లి చెప్పలేదట. వాడే ఎలాగో పసిగట్టి, ఆదివారం మా పిల్లని పట్టుకుని అసలు తబర్నాక్ ఎలా అనాలో నేర్పాడు. మొదటి అక్షరం తేలిగ్గా, చివరి 'నాక్' సాగదీసి. మా పిల్ల ఏ జంకూ లేకుండా అనేసిందట. వాడు పగలబడి నవ్వాడు. "నాకు సిగ్గేమీ అనిపించలేదత్తా, ఏదో కూరగాయ పేరు అన్నట్టుంది" అంది ఫోనులో.

ప్రమాదం అక్కడే ఉంది. రెండో భాషలో తిట్టు నాలుకకి తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే దానికి చిన్నప్పటి చెంపదెబ్బ జతకాలేదు. 2003లో బోస్టన్‌లో పరిశోధకులు, టర్కీలో పుట్టి తర్వాత ఇంగ్లిషు నేర్చుకున్నవాళ్ల వేళ్లకి పరికరం తగిలించి రెండు భాషల్లో మాటలు వినిపించారు. భావోద్వేగం కలిగితే చర్మం మీద చెమట ఏమాత్రం పెరిగినా ఆ పరికరం పట్టేస్తుంది. 'సిగ్గులేదూ' లాంటి, చిన్నపిల్లల్ని మందలించే మాటలు టర్కిష్‌లో వినగానే చర్మం ఉలిక్కిపడింది. అవే ఇంగ్లిషులో వింటే అంత చలనం లేదు. మా పిల్లకి తబర్నాక్ కూరగాయే. వినేవాళ్లకి కాదు. బరువు తూచే తక్కెడ వినేవాళ్ల దగ్గర ఉంటుంది, అనేవాళ్ల దగ్గర ఉండదు. తెలుగు కొత్తగా నేర్చుకున్నవాళ్లు సినిమాలో విన్న మాట నవ్వుతూ మన మొహాన అనేసినప్పుడు మనకి ఎలా ఉంటుందో, అదే.

దీని తర్వాత రెండు వారాలు ఫోనులో వాతావరణం తప్ప వేరే మాట లేదు. మార్చి వచ్చింది, మంచు ఇంకా మోకాలి లోతు ఉందంది. ఒకరోజు మళ్లీ తెల్లవారి ఆరింటికి ఫోను.

ఈసారి ఉత్తరం ఇంటావిడే రాసిందట. కాఫీ మిషను పక్కనే పెట్టింది. మా పిల్లకి ఒక అలవాటు ఉంది. వదిన ఫోను చేసి రోజూ ఒకటే ప్రశ్న వేస్తుంది, ఏం తిన్నావే అని. వేసిందే వేస్తుంటే దీనికి విసుగొచ్చి ఒకటే జవాబు చెబుతుంది. అది వంటింట్లోనే నిలబడి మాట్లాడుతుంది కాబట్టి ఆ జవాబు ఇంటావిడ చెవిన బాగా పడింది. మీ అమ్మ రోజూ ఏమడుగుతుంది అంటే, ఏం తిన్నావని అడుగుతుందని ఇదే చెప్పింది కూడా.

ఆవిడ ఉత్తరం నాకు చదివి వినిపించింది. "నువ్వు ప్రతి రాత్రీ మీ అమ్మకి 'నా పిండాకూడు' అని చెప్పడం వింటున్నాను. మా ఇంట్లో నువ్వు అది ఎప్పుడూ తినలేదు, దాని మీద బెంగ పెట్టుకున్నావని అర్థమైంది. వచ్చే గురువారం మామగారు వచ్చినప్పుడు అందరికీ అదే చేద్దామనుకుంటున్నాను. ఏమేం కావాలో, ఎంతెంత వేయాలో రాసి ఇవ్వు. బియ్యం ఉన్నాయి."

"అత్తా, ఇవాళ బుధవారం," అంది.